‘మీరు’ నుంచి ‘నువ్వు’కి ఎక్కడ మార్చాలి? (కొరియన్ డ్రామా సబ్‌టైటిల్స్)

సింధూర: నేను సబ్‌టైటిల్స్ రాస్తున్న డ్రామాలో ఆఫీసులో పరిచయమైన జంట ఉంది. చాలా ఎపిసోడ్లు ఇద్దరూ వాక్యం చివర మర్యాదకి ‘యో’ చేర్చే మాట్లాడుకుంటారు. తర్వాత అతను పన్మల్‌లోకి, అంటే ‘యో’ లేని చనువు మాటల్లోకి దిగుతాడు, ఆమె దిగదు. నాకిచ్చిన ఇంగ్లీషు స్క్రిప్టులో ఈ తేడా ఎక్కడా లేదు. మీరైతే ఎలా చూపిస్తారు?

కృష్ణతీరం: చివర ‘యో’ వినిపిస్తే ‘అండి’ పెట్టండి, లేకపోతే ‘నువ్వు’. అంతే కదా.

పాతరేడియో: అది సగం వరకే పనిచేస్తుంది. ప్రతి ‘యో’కీ ‘అండి’ తగిలిస్తే ప్రేమికులు బ్యాంకు కౌంటర్ దగ్గర మాట్లాడుకున్నట్టుంటుంది. చాలాచోట్ల ‘తిన్నారా?’ అంటే చాలు.

అసలు చిక్కు జవాబులో. అతను ‘పబ్ మొగొస్సొ?’ అంటాడు: ‘తిన్నావా?’ ఆమె ‘నే, మొగొస్సొయో’ అంటుంది. దీన్ని ‘ఆ, తిన్నాను’ అని రాస్తే ఆమె కూడా చనువుగా మాట్లాడేసినట్టే, ఎందుకంటే ‘నేను’తో వచ్చే క్రియ మర్యాదను బట్టి మారదు. అక్కడ మాత్రం ‘తిన్నానండీ’ అనే రాయాలి. తర్వాత ఎప్పుడో ఆమె వట్టి ‘తిన్నాను’ అన్నప్పుడు ప్రేక్షకులకి ఆ మార్పు తెలుస్తుంది. కాబట్టి ముందు ఆడియో విని, ఏ సీన్‌లో ఎవరు మారారో రాసిపెట్టుకోండి.

ఎల్లమ్మబిడ్డ: మా కరీంనగర్ దిక్కు అమ్మనైనా నాయననైనా ‘నువ్వు’ అనే అంటం, అండ్ల మర్యాద తక్కువేం లేదు. హీరో ‘నువ్వు’ అన్నంత మాత్రాన దగ్గరైండని మా అమ్మకు ఎట్ల తెలుస్తది?

పాతరేడియో: మంచి మాట. అందుకే పిలుపు కూడా మార్చాలి. కొరియన్‌లోనూ హోదాకి ‘నిమ్’, పేరుకి ‘షీ’ చేర్చి పిలిచేవాడు పన్మల్‌లోకి వచ్చాక వట్టి పేరుతో పిలుస్తాడు. ‘గారు’ పోయిందంటే ఏ జిల్లావాళ్లకైనా అర్థమవుతుంది.

లహరి_వైజాగ్: డబ్బింగ్‌లో ‘తిన్నానండీ’ పెదాలకి సరిపోదు, పొడవైపోతుంది.

సింధూర: నాది సబ్‌టైటిల్స్ పనే లహరి గారూ, పెదాల గొడవ లేదు. ఇంకొకటి. మామగారు అల్లుణ్ణి ‘నువ్వు’, ‘మీరు’ లాంటి మాట రావాల్సిన చోట ‘చానే’ అంటారు. అది పన్మలూ కాదు, ‘యో’ కూడా కాదు.

పాతరేడియో: పెద్దవాళ్లు చిన్నవాణ్ణి కాస్త గౌరవంగా చూస్తూ మాట్లాడే తీరు అది. నేను ‘వచ్చావా అల్లుడూ’ అని రాస్తాను. ‘రా’, ‘ఒరేయ్’ ఎక్కడా రానివ్వను.

కృష్ణతీరం: మా గోదావరి వైపు ఏ మామగారూ అల్లుణ్ణి ‘నువ్వు’ అనరు. ‘రండి అల్లుడుగారూ’ అనే అంటారు. మీరు రాసింది చదివితే అల్లుణ్ణి చిన్నబుచ్చినట్టుంటుంది.

పాతరేడియో: ‘రండి’ అంటే మామగారే తగ్గినట్టవుతుంది, కొరియన్‌లో ఆయన పైస్థానంలోనే ఉన్నాడు. నేను ‘నువ్వు’కే ఓటేస్తాను.

సింధూర: మొదటి సీన్‌కి ‘వచ్చావా అల్లుడూ’ పెట్టి, మా ఎడిటర్‌కి రెండు రూపాలూ పంపుతున్నాను.