ఐదు రింగు ఆరు కంటే ముందే ఎందుకు మూసుకుంటుంది: స్ట్రెయినా, ఎంట్రోపీనా?

నీలిమ_ఎమ్మెస్సీ
సైక్లోహెక్సేన్‌లో స్ట్రెయిన్ దాదాపు సున్నా. సైక్లోపెంటేన్‌లో కొంత ఉంది. అలాంటప్పుడు లాక్టోన్ ఏర్పడేటప్పుడు ఆరు మెంబర్ల రింగు కంటే ఐదు మెంబర్ల రింగు ముందు ఎందుకు మూసుకుంటుంది? లాక్టమ్‌కీ ఇదే వర్తిస్తుందా? మా క్లాసులో సగం మంది స్ట్రెయిన్ అంటున్నారు, సగం మంది ఎంట్రోపీ అంటున్నారు. పరీక్ష కోసం కాదు, నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నాను.

కార్బన్ మాస్టారు
ఎంట్రోపీయే అమ్మా. గొలుసు రెండు చివరలూ కలవాలంటే మధ్యలో స్వేచ్ఛగా తిరుగుతున్న ప్రతి సింగిల్ బాండూ ఒక భంగిమలో ఆగాలి. ఐదు రింగుకి మూడు బాండ్లు ఆగితే చాలు, ఆరుకి నాలుగు ఆగాలి, ఏడుకి ఐదు. గొలుసు పెరిగిన కొద్దీ చివరలు ఒకదానికొకటి ఎదురుపడే అవకాశం తగ్గుతుంది. మూడు, నాలుగు రింగుల దగ్గర మాత్రం స్ట్రెయిన్ అడ్డుపడుతుంది. నేను క్లాసులో ఇలాగే చెబుతాను, పిల్లలకు ఇబ్బంది లేకుండా అర్థమవుతుంది.

గతిశాస్త్రం
మాస్టారూ, దిశ సరైనదే కానీ లెక్క కుదరదు. కొలిచిన సంఖ్యలు ఉన్నాయి కాబట్టి వాటితోనే చూద్దాం.

ఇల్యుమినాటి, మాండోలీని బృందం 1970లలో Br(CH2)nCOO⁻ వరుస మొత్తాన్నీ 50 డిగ్రీల దగ్గర, 99 శాతం డైమిథైల్ సల్ఫాక్సైడ్‌లో నడిపింది. కార్బాక్సిలేట్ ఆక్సిజన్ అవతలి చివరి కార్బన్‌ను తాకి బ్రోమైడ్‌ను వెళ్లగొడుతుంది, లాక్టోన్ వస్తుంది. ఆరు రింగు వేగాన్ని 1 అనుకుంటే ఐదు రింగుది దాదాపు 90. ఏడు రింగుది 0.005 దగ్గర. ఎనిమిది రింగుకి వచ్చేసరికి 0.00006. అంటే ఐదుకీ ఎనిమిదికీ మధ్య పది లక్షల రెట్లకు పైనే తేడా.

ఇప్పుడు మాస్టారి మాట ప్రకారం ఒక్కో బాండుకి ఎంత పోతుందో చూడండి. పేజ్, జెంక్స్ 1971లో వేసిన అంచనాలో ఒక అంతర్గత భ్రమణం పూర్తిగా ఆగితే మోల్‌కు, కెల్విన్‌కు 4 నుంచి 5 కేలరీలు పోతాయి. 50 డిగ్రీల దగ్గర అది మోల్‌కు 1.4 కిలోకేలరీలకు దగ్గరగా ఉంటుంది, వేగంలో సుమారు పది రెట్లు. అదీ గరిష్ఠం. ఎందుకంటే రింగులోకి వెళ్లాక కూడా బాండ్లు కొంత కదులుతూనే ఉంటాయి.

ఐదుకీ ఆరుకీ మధ్య తేడా ఒక్క బాండు. ఎంట్రోపీ మొత్తం తన వాటా ఇచ్చినా పది రెట్లే వస్తుంది. కొలతలో 90 ఉంది. మిగతా తొమ్మిది రెట్లు ఎక్కడి నుంచి వచ్చాయి? ఐదుకీ ఎనిమిదికీ మధ్య మూడు బాండ్లు, అంటే వెయ్యి రెట్లు. పది లక్షలకు చేరాలంటే ఇంకో వెయ్యి రెట్లు పైన కావాలి. అది ఎంథాల్పీ. ఎనిమిది రింగు దగ్గర లోపలి వైపు హైడ్రోజన్లు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, బాండ్ కోణాలు సాగుతాయి. వేర్వేరు ఉష్ణోగ్రతల దగ్గర కొలిచి ఎంథాల్పీని విడదీసి చూస్తే అక్కడ అడ్డంకి స్పష్టంగా పైకి లేస్తుంది.

కార్బన్ మాస్టారు
సరేనండీ, ఎనిమిది సంగతి ఒప్పుకుంటాను. కానీ ఆరు రింగులో స్ట్రెయిన్ ఏముంది? నీలిమ ప్రశ్నే అది కదా. చెయిర్‌లో అన్నీ చక్కగా స్టాగర్డ్‌గా ఉంటాయి.

గతిశాస్త్రం
సైక్లోహెక్సేన్‌లో ఉంటాయి, లాక్టోన్‌లో ఉండవు. అసలు పొరపాటు ఇక్కడే జరుగుతోంది. ఎస్టర్ గుంపులో C–C(=O)–O–C నాలుగు పరమాణువులూ ఒకే సమతలంలో ఉండాలనుకుంటాయి. ఆరు రింగులో ఈ నాలుగింటినీ చదునుగా పరిస్తే మిగిలిన రెండు కార్బన్లకు చెయిర్ ఆకారం దొరకదు, హాఫ్-చెయిర్ గానీ బోట్ గానీ అవుతుంది. ఐదు రింగు ఎలాగూ చదునుకు దగ్గర. పైగా సైక్లోపెంటేన్ స్ట్రెయిన్‌లో పెద్ద భాగం పక్కపక్క CH2ల హైడ్రోజన్లు ఎదురెదురుగా పడటం వల్ల వచ్చేది. వాటిలో ఒకటి C=O, ఇంకొకటి O అయితే ఆ ఘర్షణ చాలావరకు పోతుంది. అందుకే సైక్లోఆల్కేన్ స్ట్రెయిన్ పట్టికను తెచ్చి లాక్టోన్ మీద పెట్టకూడదు.

మోనోమర్
ఇంత లెక్క దేనికండీ? ఐదు రింగు స్థిరమైనది కాబట్టి ముందు వస్తుంది. 4-హైడ్రాక్సీబ్యూటనోయిక్ ఆమ్లాన్ని ఆమ్ల ద్రావణంలో వదిలేస్తే సమతాస్థితిలో మూడింట రెండు వంతులకు పైగా లాక్టోనే ఉంటుంది. 5-హైడ్రాక్సీపెంటనోయిక్ ఆమ్లంలో పరిస్థితి తలకిందులు, ఎక్కువ భాగం తెరుచుకునే ఉంటుంది. డెల్టా-వాలెరోలాక్టోన్ తేలిగ్గా పాలిమర్ అవుతుంది. గామా-బ్యూటిరోలాక్టోన్ మాత్రం మొండికేస్తుంది. నేను రోజూ చూసేది ఇదే.

గతిశాస్త్రం
మీ పరిశీలనలన్నీ నిజం, కానీ అవి సమతాస్థితి గురించి. నీలిమ అడిగింది వేగం గురించి. మీ ఉదాహరణ ఆరు లాక్టోన్‌లో స్ట్రెయిన్ ఎక్కువని చూపడానికి మాత్రం బాగా పనికొస్తుంది. ఆ స్ట్రెయిన్‌లో ఎంత భాగం ట్రాన్సిషన్ స్టేట్‌లోనే కనిపిస్తుందనేది వేరే ప్రశ్న.

స్థిరత్వం ఒక్కటే వేగాన్ని నిర్ణయిస్తే Br(CH2)nNH2 వరుసలో జరిగేది అర్థం కాదు. మూడు, నాలుగు రింగుల స్ట్రెయిన్ దాదాపు సమానం, 26, 27 కిలోకేలరీల దగ్గర. అయినా మూడు మెంబర్ల అజిరిడీన్, నాలుగు మెంబర్ల అజెటిడీన్ కంటే పదుల రెట్లు వేగంగా మూసుకుంటుంది. స్ట్రెయిన్ సమానంగా ఉన్నచోట మాస్టారి వాదనే గెలుస్తుంది: ఆగాల్సిన బాండు ఒకటి తక్కువ, నైట్రోజన్ పక్క కార్బన్ మీదే ఉంది. అదే కార్బాక్సిలేట్ వరుసలో మూడు రింగు నాలుగు కంటే చాలా వెనకబడుతుంది, ఎందుకంటే C=O కార్బన్‌ను 60 డిగ్రీల మూలలో ఇరికించాలి.

పెప్టైడ్ బెంచ్
లాక్టమ్ సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నా అనుభవం రాస్తాను. నాకు కావాల్సింది 4-అమినోబ్యూటనోయిక్ ఆమ్లం మిథైల్ ఎస్టర్. బాక్ గుంపు తీసేశాక ట్రైఫ్లోరోఅసెటేట్ లవణంగా ఉన్నంత సేపు బాగానే ఉంది. తర్వాతి కప్లింగ్ కోసం బేస్ వేసి అమీన్‌ను విడిపించాను, రోటరీ మీద పెట్టాను, భోజనానికి వెళ్లొచ్చాను. మాస్‌లో 118 ఉండాల్సిన చోట 86 వచ్చింది. తేడా 32, అంటే మిథనాల్ పోయింది. ప్రోటాన్ ఎన్ఎంఆర్‌లో 3.7 దగ్గరి మెథాక్సీ సింగ్లెట్ మాయం. చేతిలో మిగిలింది 2-పిరోలిడినోన్.

అదే పని 5-అమినోపెంటనోయిక్ ఎస్టర్‌తో చేసినప్పుడు చాలా నెమ్మదిగా తగ్గింది. చలిలో ఉంచి వెంటనే కప్లింగ్‌లోకి దించితే పని జరిగింది. ఆరు కార్బన్ల అమినోకాప్రోయేట్ ఎస్టర్‌కి గది ఉష్ణోగ్రతలో ఏమీ కాలేదు.

పెప్టైడ్ వాళ్లకు ఇది కొత్త కాదు. ఆర్నిథిన్ పక్క గొలుసు అమీన్ విడిగా ఉండి ఇవతల ఆమ్లాన్ని యాక్టివేట్ చేస్తే ఆరు మెంబర్ల లాక్టమ్ అయి కూర్చుంటుంది. లైసిన్‌కి ఒక్క CH2 ఎక్కువ. అది ఏడు రింగు కట్టాలి కాబట్టి చాలావరకు తప్పించుకుంటుంది.

నీలిమ_ఎమ్మెస్సీ
అయితే 4-అమినోబ్యూటనోయిక్ ఆమ్లాన్ని నీళ్లలో పెడితే ఎందుకు మూసుకోదు? అది సీసాలో పొడిగా ఏళ్ల తరబడి ఉంటుంది కదా.

పెప్టైడ్ బెంచ్
అక్కడ అమీన్ NH3⁺గా, ఆమ్లం COO⁻గా ఉంటాయమ్మా. ఇచ్చేవాడి చేతిలో ఎలక్ట్రాన్ జంట లేదు, తీసుకునేవాడికి అవసరం లేదు. చివరలు ఎంత దగ్గరున్నా ఉపయోగం లేదు. ద్రవీభవన స్థానం దాకా, 200 డిగ్రీల పైన వేడి చేస్తే నీళ్లు వదిలి పిరోలిడినోన్ అవుతుంది. నా ఎస్టర్‌లో COO⁻ అయ్యే దారి లేదు, అమీన్‌ను నేనే విడిపించాను. అందుకే పట్టుకోలేకపోయాను.

గతిశాస్త్రం
ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ లాక్టమ్ వేరే రియాక్షన్. బ్రోమైడ్ వరుసలో వెనక నుంచి సరళరేఖలో దాడి జరగాలి. ఎస్టర్ మీద అమీన్ దాడిలో C=O తలానికి పైనుంచి, నూరు డిగ్రీలకు కాస్త పైన కోణంలో వస్తుంది, మధ్యలో చతుర్ముఖ ఇంటర్మీడియట్ ఏర్పడుతుంది. కాబట్టి 90 రెట్లు అన్న సంఖ్యను లాక్టమ్‌కి అరువు తెచ్చుకోకూడదు. ఐదు, ఆరు, తర్వాత ఏడు అనే వరుస చాలాసార్లు నిలుస్తుంది. ఎడం ఎంతన్నది రియాక్షన్‌ను బట్టి, ఏ స్టెప్ నెమ్మదిగా ఉందన్నదాన్ని బట్టి మారుతుంది.

ఇంకో విషయం. మూసుకోవడం లోలోపల జరిగిందో, రెండు అణువులు కలిశాయో తేల్చాలంటే పది రెట్లు పలచన చేసి చూడండి. లోలోపలి రియాక్షన్ అర్ధాయువు మారదు. ఐదు రింగు విషయంలో డైమర్ జాడ ఎప్పుడూ చాలా తక్కువే. ఎనిమిది రింగు ప్రయత్నిస్తే మామూలు గాఢతలో డైమర్, పాలిమర్ ముందుకొస్తాయి. అక్కడ ఎక్కువ ద్రావణి తీసుకుని చుక్క చుక్కగా కలపడం తప్ప దారి లేదు.

మోనోమర్
మీ లెక్కలో నాకో సందేహం ఉంది. రింగు సైజే అంత ముఖ్యమైతే ట్రైమిథైల్ లాక్ సంగతేమిటి? అది ఆరు మెంబర్ల లాక్టోనే. గొలుసు మీద రెండు మిథైళ్లు, వలయం మీద ఒకటి పెట్టేసరికి మిథైళ్లు లేని ఫీనాల్ ఆమ్లం కంటే కోట్ల రెట్లు వేగం పెరుగుతుంది. మిల్స్టీన్, కోహెన్ 1970 ప్రాంతంలోనే చూపించారు. ఐదు రింగు ఆధిక్యం దాని ముందు ఏ మూలకు?

కార్బన్ మాస్టారు
అదే నేనూ అంటున్నది! మిథైళ్లు గొలుసును ఒకే భంగిమలో బంధించేశాయి, ఆగాల్సిన బాండ్లు ముందే ఆగిపోయాయి. అది ఎంట్రోపీ కాక మరేమిటి?

గతిశాస్త్రం
రెండు మూడు బాండ్లు పూర్తిగా ఆగితే వేల రెట్ల వరకు వస్తుంది మాస్టారూ, కోట్లు రావు. మొదటి అణువులోనే మిథైళ్లు ఒకదాన్నొకటి నెట్టుకుంటున్నాయి, రింగు మూసుకుంటే ఆ ఒత్తిడి కొంత తగ్గుతుంది. నా దృష్టిలో పెద్ద వాటా దానిదే.

కార్బన్ మాస్టారు
ఒత్తిడి వల్లే కదా గొలుసు ఆ ఒక్క భంగిమలో ఉండిపోయింది. ఆ రెండింటినీ ఎలా విడదీస్తారు? ఉష్ణోగ్రత మార్చి కొలిచినా, ఫీనాల్ చుట్టూ నీళ్ల అణువులు సర్దుకునే ఎంట్రోపీ కూడా అదే సంఖ్యలో కలిసిపోతుంది.

గతిశాస్త్రం
అవును, ఆ అభ్యంతరం గట్టిదే. నీళ్లలో కొలిచిన ఎంట్రోపీని ఒక్క గొలుసు ఖాతాలో వేయలేం. బ్రూయిస్ 1960 నుంచి, మెంజర్ 1985 నుంచి ఈ పంపకం మీద వేర్వేరు దారుల్లో వాదించారు. నేను స్ట్రెయిన్ వైపే ఉన్నాను. కానీ బ్రోమైడ్ వరుసలో చేసినంత శుభ్రంగా దీన్ని విడదీసి చూపగలనని అనను.

నీలిమ_ఎమ్మెస్సీ
బ్రోమైడ్ వరుస వరకు నాకు స్పష్టమైంది, థాంక్స్ అండీ. గొలుసు మధ్యలో రెండు మిథైళ్లు పెట్టిన 4-బ్రోమోబ్యూటనోయేట్‌తోనూ ఇదే కొలత చేస్తే మీ ఇద్దరిలో ఎవరి మాట నిలుస్తుందో తేలుతుందా? ద్రావణి డైమిథైల్ సల్ఫాక్సైడే కాబట్టి నీళ్ల గొడవ ఉండదు కదా.

కార్బన్ మాస్టారు
చేసి చూడమ్మా. మూడు ఉష్ణోగ్రతలైనా తీసుకో, రెండింటితో గీసిన గీతను నమ్మొద్దు.