నాలాక్సోన్‌తో లేచిన నాన్న గంటలో మళ్లీ మగతలోకి ఎందుకు జారారు?

వెన్నెల: నాన్నకు క్యాన్సర్ నొప్పికి 12 గంటలు పనిచేసే మార్ఫిన్ మాత్రలు ఇస్తున్నారు. కిడ్నీలు కూడా బాగా లేవు. నిన్న రాత్రి ఎంత పిలిచినా పలకలేదు. ఛాతీ మీద దుప్పటి లేచి పడటం చూస్తూ లెక్కపెట్టాను, నిమిషానికి 6 సార్లే. కంటిపాపలు గుండుసూది మొనంత అయిపోయాయి. ఆసుపత్రిలో మార్ఫిన్‌కు విరుగుడని నరానికి నాలాక్సోన్ ఇచ్చారు. రెండు నిమిషాల్లో కళ్లు తెరిచి మంచినీళ్లు అడిగారు. గంట దాటగానే మళ్లీ గురక, మళ్లీ మగత. ఆ మందు సరిగా పనిచేయలేదా?

పాతకాపు: డోసు చాల్లేదండీ. ఒకేసారి ఎక్కువ ఇచ్చి ఉంటే తెల్లారేదాకా లేచే ఉండేవారు.

ఐసీయూ నర్స్: మందు చక్కగా పనిచేసిందమ్మా, అందుకే లేచారు. మెదడులో మార్ఫిన్ కూర్చునే చోటు నుంచి నాలాక్సోన్ దాన్ని లేపేసి తను కూర్చుంటుంది. కూర్చుంటుందే గానీ ఏ పనీ చేయదు, అందుకే ఊపిరి తిరిగొస్తుంది. కానీ లేచిన మార్ఫిన్ ఎక్కడికీ పోదు, రక్తంలోనే తిరుగుతుంటుంది. నాలాక్సోన్‌ను లివర్ త్వరగా విరిచేస్తుంది, పనిచేసేది అరగంట నుంచి గంటన్నర. ఆ చోటు ఖాళీ కాగానే మార్ఫిన్ మళ్లీ వచ్చి కూర్చుంటుంది. మీ నాన్నగారికి పేగులో ఉన్న మాత్ర ఇంకా మందు వదులుతూనే ఉంటుంది. పైగా మార్ఫిన్ విరిగి తయారయ్యే ఒక పదార్థానికీ అదే గుణం ఉంది, కిడ్నీలు దాన్ని బయటికి పంపలేకపోతున్నాయి.

పాతకాపు గారూ, డోసు రెట్టింపు చేస్తే సుమారు గంట కలిసొస్తుంది, అంతే. ఆ గంట కోసం క్యాన్సర్ నొప్పంతా ఒక్కసారిగా విరుచుకుపడుతుంది, వాంతులు, బీపీ పెరగడం వేరే. మాకు కావాల్సింది ఊపిరి, పూర్తి మెలకువ కాదు. అందుకే కొంచెం కొంచెంగా ఇచ్చి, తర్వాత డ్రిప్ పెడతారు. ఎంతతో ఊపిరి కుదుటపడిందో అందులో మూడింట రెండు వంతులు గంటకు ఎక్కేలా మొదలుపెడతారు. 0.3 మిల్లీగ్రాములతో లేస్తే గంటకు 0.2.

చినబాబు: మా తమ్ముడు ఇదే మందు రోజుకు ఒక్క మాత్రే వేసుకుంటాడు, రోజంతా పనిచేస్తుందన్నారే?

ఐసీయూ నర్స్: అది నాల్‌ట్రెక్సోన్ అయి ఉంటుంది. పేరు దగ్గరగా ఉన్నా వేరే మందు, ఊపిరి ఆగిపోతుంటే ఇచ్చేది కాదు.

సుగుణ: మా అత్తయ్యకు మార్ఫిన్ లాంటిదే ఫెంటానిల్, చర్మానికి అంటించే ప్యాచ్. పీకేశాక కూడా రెండుసార్లు మగతలోకి వెళ్లారు.

ఐసీయూ నర్స్: ప్యాచ్ తీసినా చర్మంలో నిలవున్న మందు గంటల తరబడి దిగుతూనే ఉంటుందమ్మా.

వెన్నెల: ఇప్పుడే డ్రిప్ పెట్టారు. నిమిషానికి 11 సార్లు ఊపిరి తీస్తున్నారు. ఎన్ని గంటలు కాపలా ఉండాలి?

పాతకాపు: మా వాళ్లను రెండు గంటలు చూసి పంపేశారు.

ఐసీయూ నర్స్: అది త్వరగా దిగిపోయే మందైతే సరిపోవచ్చు. ఈ మాత్రకు, ఈ కిడ్నీలకు ఎన్ని గంటలో ముందే చెప్పలేం. డ్రిప్ ఆపాక మళ్లీ మొదటి నుంచి చూడాలి. గురక మొదలైతే హాయిగా నిద్రపోతున్నారనుకోకండి, ఊపిరి లెక్కపెట్టి వెంటనే సిస్టర్‌ను పిలవండి.