శనివారం రాత్రి పొడవాటి విక్: సపోర్ట్ విరిగినట్టా, కాదా?

పటమట నుంచి ఒక పాఠకుడు: శనివారం అర్ధరాత్రి బిట్‌కాయిన్ గంటలోపే ఎనిమిది శాతం పడి, తెల్లవారేసరికి చాలావరకు కోలుకుంది; చార్టులో క్యాండిల్ కింద పొడవాటి గీత, అంటే విక్, మిగిలింది. రోజువారీ క్యాండిల్, కొనుగోళ్లు ఆదుకుంటాయనుకునే స్థాయి అయిన సపోర్ట్‌కు పైనే ముగిసినా, వాల్యూమ్ మాత్రం ఆ వారంలోకెల్లా ఎక్కువగా ఉంది. సపోర్ట్ విరిగిందనుకోవాలా?

బ్రాడీపేట వాసి: విరగలేదు. వారాంతంలో అమెరికా ఈటీఎఫ్‌లు నడవవు, పెద్ద కొనుగోలుదారులు ఉండరు. యార్డుకు సెలవున్న రోజు బయట ఒకరిద్దరు అడిగే మిర్చి ధర ఎంత నమ్మదగినదో ఇదీ అంతే. 2021 డిసెంబరు 4 శనివారమే కదా, సుమారు 42 వేల డాలర్లకు పడి అదే రోజు 49 వేల దరిదాపులకు తిరిగొచ్చింది!

కృష్ణలంక పరిశీలకుడు: అదే ధర నెల తిరగగానే, 2022 జనవరిలో, మళ్లీ వచ్చి ఇంకా దిగువకు జారిందన్నది కూడా చెప్పాలి కదండీ. విక్‌ను కొట్టివేసే ముందు అది ఎలా ఏర్పడిందో చూడాలి. ధరకు ఒక శాతం దిగువ వరకు మామూలు రోజుల్లో 400 కాయిన్ల కొనుగోలు ఆర్డర్లు ఉంటాయనీ, ఆ రాత్రి 120 మాత్రమే ఉన్నాయనీ అనుకుందాం. 150 కాయిన్ల అమ్మకం మామూలు రోజైతే ఆ ఆర్డర్లలోనే ఇమిడిపోతుంది. ఆ రాత్రి మాత్రం వాటన్నిటినీ తినేసి, అప్పుతో కొన్న లీవరేజ్ లాంగ్‌లను ఎక్స్ఛేంజీ బలవంతంగా అమ్మేసే దిగువ ధరను, అంటే లిక్విడేషన్ ధరను, తాకుతుంది. అక్కడి నుంచి బలవంతపు అమ్మకాలు ఒకదాన్నొకటి లాగుతాయి. కాబట్టి వాల్యూమ్ ఎక్కువైనంత మాత్రాన కొత్త అమ్మకందారులు వచ్చారని కాదు.

ఓపెన్ ఇంటరెస్ట్, అంటే ఇంకా మూతపడని డెరివేటివ్ పొజిషన్ల మొత్తం, చూడండి. అది ధరతోపాటే కుప్పకూలితే, ఉన్న పొజిషన్లు మూతపడ్డాయని అర్థం; ధర పడుతుండగా అది పెరిగితే ధర పడుతుందని పందెం కాసే కొత్త షార్ట్‌లు చేరుతున్నట్టే. పతనం అడుగున, గడువు లేని ఫ్యూచర్ అయిన పర్‌పెచ్యువల్ ధర, నేరుగా కాయిన్ కొని అమ్మే స్పాట్ ధర కంటే బాగా దిగువన ఉంటే ఒత్తిడి డెరివేటివ్‌ల నుంచి వచ్చిందనుకోవచ్చు. స్పాటే ముందుగా పడితే మాత్రం నేను తేలిగ్గా తీసుకోను.

గుంటూరు చిన్న మదుపరి: నా స్టాప్‌లాస్ ప్రపంచ చార్టులోని కనిష్ఠానికంటే దిగువన అమ్ముడుపోయింది. ఇది మోసం కాదా?

కృష్ణలంక పరిశీలకుడు: మీది రూపాయి జత అయితే దాని ఆర్డర్ బుక్ వేరు, ఇంకా పలచన. మార్కెట్ స్టాప్ ఒకసారి తగిలాక దొరికిన ధరకే అమ్ముతుంది. లిమిట్ పెట్టుకుంటే అమ్ముడుపోకుండా మిగిలిపోయే ప్రమాదం ఉంటుంది. మోసమో కాదో ట్రేడ్ వివరాలు చూడకుండా చెప్పలేను. నష్టంలో అమ్మినా ఒక శాతం టీడీఎస్ తప్పదు, ఆ నష్టాన్ని మరో లాభంలోంచి తగ్గించుకోనివ్వరు.

బ్రాడీపేట వాసి: ఓపెన్ ఇంటరెస్ట్ సంగతి ఒప్పుకుంటాను. అయినా సోమవారం ఉదయం 5.30కు వారపు క్యాండిల్ ముగిసేదాకా సపోర్ట్ ఉన్నట్టే లెక్క.

కృష్ణలంక పరిశీలకుడు: ఆ స్థాయిలో కాచుకున్న ఆర్డర్లు శనివారమే ఖర్చయిపోయాయి. సోమవారం అవి తిరిగి చేరాయో లేదో ఆర్డర్ బుక్‌లో కనబడాలి, క్యాండిల్ ముగింపులో కాదు.