ఫొటోలో సూచన తెగిపోయిన లెక్కకు జవాబు చాలునా, పద్ధతి కూడా కావాలా?

మా అక్క కొడుకు పంపిన ఫొటోలో 2x² − 7x + 3 = 0, దాని కింద 5x² − 6x − 2 = 0 అన్న రెండు సమీకరణాలు మాత్రమే ఉన్నాయి; ఏం చేయాలో చెప్పే పై వరుస తెగిపోయింది. మొదటిదాన్ని (2x − 1)(x − 3) అని విడదీస్తే 1/2, 3 అనే మూలాలు వెంటనే వస్తాయి. కానీ వర్గాన్ని పూర్తి చేయమని అడిగి ఉంటే, 2తో భాగించి, ఇరువైపులా 49/16 కలిపి, (x − 7/4)² = 25/16 అనే మెట్టు చూపించాలి; మూలాలు అవే అయినా ఆ మెట్టు లేనిదే మార్కులు రాకపోవచ్చు. రెండో సమీకరణపు విచక్షణి 76 పరిపూర్ణ వర్గం కాదు కనుక అది అకరణీయ కారణాంకాలుగా విడిపోదు, అందువల్ల వర్గాన్ని పూర్తి చేయమనే అడిగారని (లేదా సూత్రాన్ని వాడమని) నా అనుమానం. పాఠం చెప్పేవారెవరైనా ఈ ఊహ సరైనదో కాదో, రెండు పద్ధతులూ రాసి పంపడం మేలో కాదో దయచేసి చెప్పగలరా?