“రూపాయి వడ్డీ”: ఫ్లాట్ రేటుని తెలుగులో ఏమనాలి?

సుజాత: మా పొదుపు సంఘం వాళ్ళ కోసం బండి లోన్ల గురించి ఒక పేజీ కరపత్రం రాస్తున్నాను. “ఫ్లాట్ రేటు”, “రెడ్యూసింగ్ బ్యాలెన్స్” దగ్గర ఆగిపోయాను. మొదటిదానికి “చదును వడ్డీ” అని రాస్తే, “ఏం, పొలం చదును చేస్తున్నారా?” అని మా అమ్మ నవ్వింది. మా తమ్ముడికి షోరూమ్‌లో చెప్పింది మాత్రం అచ్చ తెలుగే: “రూపాయి వడ్డీయేనండీ.” లక్ష అప్పు, 24 నెలలు, నెలకు 5,167. కరపత్రంలో కూడా రూపాయి వడ్డీ అని రాసేస్తే సరిపోతుందా?

నవీన్: దీనికి కొత్త మాట ఎందుకండీ? బడిలో చదువుకున్న బారువడ్డీయే ఇది. లక్షకి ఏడాదికి 12 వేలు, రెండేళ్ళకి 24 వేలు. 1,24,000ని 24తో భాగిస్తే 5,167. లెక్క సరిగ్గానే ఉంది, మోసమేమీ లేదు.

రమణమూర్తి: నవీన్ గారూ, మీ భాగహారం కరెక్టే. పేరే కుదరలేదు. బారువడ్డీ పాఠంలో అసలు రెండేళ్ళూ మన దగ్గరే ఉంటుంది, చివర్లో ఒకేసారి తీరుస్తాం. ఇక్కడ మొదటి నెల నుంచే అసలు కొంచెం కొంచెం వెనక్కి పోతోంది. అయినా వడ్డీ మాత్రం ఇంకా లక్ష మీదే వేస్తున్నారు.

మన ఊళ్ళ పద్ధతి గుర్తు తెచ్చుకోండి. ప్రోనోటు రాసి లక్ష తెచ్చుకున్నాం. ఆరు నెలలకి యాభై వేలు ఇచ్చి నోటు వెనక చెల్లు వేయించుకున్నాం. ఆ రోజు నుంచి వడ్డీ యాభై వేల మీదే నడుస్తుంది. ఇంకా లక్షకే వడ్డీ కట్టమంటే ఎవరూ ఊరుకోరు, రచ్చబండ దగ్గర పంచాయితీ అవుతుంది. “రూపాయి వడ్డీ” అన్న మాటలోనే “ఎంత బాకీ ఉంటే అంతకి” అన్న అర్థం ఇమిడి ఉంది. షోరూమ్‌వాళ్ళు మాట మనది తీసుకున్నారు, చెల్లు మాత్రం వేయలేదు.

ఆఖరి నెల చూడండి. వాళ్ళ లెక్క ప్రకారమే నెలకు అసలు 4,167, వడ్డీ 1,000. అంటే 24వ నెల మొదట్లో ఉన్న బాకీ 4,167. దాని మీద ఒక్క నెలకి వెయ్యి రూపాయలు. నూటికి 24 రూపాయల వడ్డీ! కాల్‌మనీ వాళ్ళు కూడా నోరు తెరుస్తారు.

నవీన్: ఆఖరి నెల ఒక్కటే చూపిస్తే ఎలాగండీ? మొదటి నెలలో అది రూపాయే కదా. మొత్తం మీద ఎంత పడుతుంది?

రమణమూర్తి: సరైన ప్రశ్న. ఎక్సెల్‌లో ఇది వేసి చూడండి:

```
=RATE(24,-5167,100000)*12
```

దాదాపు 21.6 శాతం వస్తుంది. నెలకు నూటికి రూపాయి ఎనభై పైసలు అనుకోండి. నిజంగా రూపాయి వడ్డీయే అయితే, మిగిలిన బాకీ మీద లెక్క కట్టినప్పుడు నెల వాయిదా 4,707. రెండేళ్ళకి మొత్తం వడ్డీ 13 వేలకు కాస్త తక్కువ. వీళ్ళు తీసుకుంటున్నది 24 వేలు.

పద్మ: రెడ్యూసింగ్ అంటే రేటు తగ్గుతూ పోతుందనుకున్నానండీ నేను! మా ఇంటి లోను రెడ్యూసింగే అన్నారు, కానీ మధ్యలో రేటు పెరిగింది. అప్పుడు బ్యాంకులో గొడవ కూడా పెట్టుకున్నాను.

సుజాత: పద్మ గారూ, మీ మాట నాకు చాలా పనికొస్తుంది. “తగ్గే వడ్డీ” అని రాద్దామనుకున్నాను, అది చదివితే అందరూ మీలాగే అర్థం చేసుకుంటారు. తగ్గేది బాకీ. రేటు ఫ్లోటింగో ఫిక్సెడో అన్నది వేరే సంగతి.

ఇక్బాల్: “తరుగు వడ్డీ” అంటే?

పద్మ: అమ్మో, తరుగు అంటే నగల షాపు గుర్తొస్తుంది. మళ్ళీ మనకే నష్టం అనుకుంటారు.

లక్ష్మణ్: టెన్షన్ పెట్టారు కదా సార్. నాది బంగారం మీద లోను, 9 శాతం, ఏడాదికి ఒకేసారి కట్టి విడిపించుకోవాలి. అయితే నాకు కూడా రెట్టింపు పడుతోందా?

రమణమూర్తి: లేదు బాబూ. మధ్యలో అసలు ఏమీ కట్టనప్పుడు చెల్లు వేసేదే ఉండదు, కాబట్టి రెండు పద్ధతులకీ తేడా రాదు. మీదే నవీన్ గారు చెప్పిన పాఠం లెక్క. నెల నెలా వాయిదాలు కట్టే అప్పుల్లోనే ఈ తిరకాసు. “ఫ్లాట్ రేటుని రెండుతో గుణించు” అనేది కూడా అంచనాకే గానీ సూత్రం కాదు. పైన 12కి వచ్చింది 21.6, 24 కాదు.

ఇక్బాల్: నా అనుభవం చెప్తాను. సరిగ్గా ఇలాంటి అప్పే, పేరెందుకులెండి, ఒక ఫైనాన్స్ కంపెనీలో తీసుకున్నాను. 12 వాయిదాలు కట్టి, మిగిలింది తీర్చేద్దామని వెళ్ళాను. లక్షలో సగం పోయింది, యాభై వేలు కడితే చాలనుకున్నాను. 55 వేల చిల్లర అన్నారు, పైన ముందస్తు ముగింపు చార్జీ. కోపమొచ్చి స్టేట్‌మెంట్ తీయించాను. మొదటి నెల వడ్డీ దాదాపు 1,800 అని ఉంది. వెయ్యి కాదు! అంటే అమ్మేటప్పుడు ఫ్లాటు, వాళ్ళ పుస్తకంలో మాత్రం రెడ్యూసింగ్.

రమణమూర్తి: ఇక్బాల్ గారూ, వాళ్ళ పుస్తకం అబద్ధం చెప్పలేదు. 21.6 శాతం అప్పుకి మొదటి నెల వడ్డీ అంతే. అబద్ధమంతా కౌంటర్ దగ్గరి మాటలో ఉంది. సుజాత గారు ఇది కరపత్రంలో పెట్టాలి: సంతకానికి ముందే వాయిదాల పట్టిక అడిగి, మొదటి వరసలో వడ్డీ గడి చూడమనండి. లక్షకి వెయ్యి దాటి ఉంటే అది రూపాయి వడ్డీ కాదు.

ఇంకొకటి. రిజర్వు బ్యాంకు 2024లో ఇచ్చిన ఆదేశం ప్రకారం, ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి ఇచ్చే కొత్త రిటైల్ లోన్లన్నిటికీ కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అనే కాగితం ఇవ్వాలి. అదీ అప్పు తీసుకునేవాళ్ళకి అర్థమయ్యే భాషలో. అందులో ఏపీఆర్ అని ఒక శాతం ఉంటుంది, అంటే చార్జీలు కూడా కలిపి ఏడాదికి పడే అసలు రేటు.

సుజాత: తమ్ముడి దగ్గర ప్రాసెసింగ్ ఫీజు అని 2,500 ముందే పట్టుకున్నారు. చేతికి వచ్చింది 97,500.

నవీన్: ఆ సూత్రంలో లక్ష తీసి 97,500 పెట్టి చూశాను. 24.2 వచ్చింది. అంటే రూపాయి వడ్డీ అని చెప్పి రెండు రూపాయల వడ్డీకి ఇచ్చారన్నమాట. మోసం లేదన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. అయినా బారువడ్డీ అనే మాటని మాత్రం వదలను. వడ్డీ మీద వడ్డీ లేదు కదా, మరి అది బారు కాకపోతే ఏమిటి?

రమణమూర్తి: దాని మీద ఇంకో రోజు పోట్లాడుకుందాం.

సుజాత: ప్రస్తుతానికి “మొదటి అప్పు మీద వడ్డీ”, “మిగిలిన బాకీ మీద వడ్డీ” అని రాస్తున్నాను. పొడుగే, కానీ అమ్మకి చదివి వినిపిస్తే వెంటనే “చెల్లు వేయనిదీ, వేసేదీ” అంది. రెండో వరసలో ఆ మాటే పెట్టాలనుంది.

పద్మ: మా అనంతపురం వైపు చెల్లు కన్నా జమ అనే ఎక్కువంటారండీ. “నోటు వెనక జమ రాయించుకో” అంటారు. మీ సంఘంలో ఏదంటారో కనుక్కుని రాయండి.