శనివారం మాత్ర మిస్, సోమవారం ఐఎన్‌ఆర్ 1.7. డోసు పెంచారు, వేసుకోవాలా?

లలిత_కె
మా నాన్నగారికి గుండె దడ ఉంది (ఏట్రియల్ ఫిబ్రిలేషన్). రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ రోజూ రాత్రి 8కి 5 మి.గ్రా. వేసుకుంటారు. రక్తం గడ్డకట్టడానికి ఎంత సమయం పడుతోందో చెప్పే ఐఎన్‌ఆర్ టెస్టులో ఉండాల్సిన నంబర్ 2 నుంచి 3. చాలాకాలంగా 2.4, 2.5 దగ్గరే ఉంటోంది. సోమవారం పొద్దున టెస్ట్ చేయిస్తే 1.7 వచ్చింది. డాక్టర్ గారు రోజూ 6 వేసుకోమన్నారు. ఇంటికొచ్చాక గుర్తొచ్చింది: ఆదివారం సాయంత్రం మాత్రల డబ్బా తెరిస్తే శనివారం గడిలో మాత్ర అలాగే ఉంది. ఆ సంగతి డాక్టర్‌కి చెప్పలేదు. పైగా మలబద్ధకం అని పది రోజులుగా పాలకూర జ్యూస్ తాగుతున్నారు. ఇప్పుడు 6 మొదలుపెట్టాలా?

సూర్యం
అసలు కారణం పాలకూరే. వార్ఫరిన్ వాడేవాళ్ళు ఆకుకూర ముట్టుకోకూడదు. ఈ రోజే జ్యూస్ ఆపేయండి, 6 కూడా వేయండి, వారంలో సెట్ అయిపోతుంది. ఇంకోటి, ఆదివారం రెండు మాత్రలు వేసి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు.

మందులషాపు_మాధవి
సూర్యం గారూ, ఆగండి. జ్యూస్ ఆపడం, డోసు పెంచడం రెండూ ఒకేసారి చేస్తే రెండూ కలిసి ఐఎన్‌ఆర్‌ని పైకే తోస్తాయి. నేను ఐఎన్‌ఆర్ క్లినిక్‌లో ఫార్మసిస్టుగా చేశాను. రిపోర్టులో 4 దాటిన నంబర్ చూసి "ఈ మధ్య ఏం మారింది?" అని అడిగితే చాలాసార్లు వచ్చే జవాబు ఇదే.

లలిత గారూ, ఈ మందు ప్రభావం అదే రోజు కనబడదు. శనివారం తప్పిన మాత్ర సోమవారం, మంగళవారం రిపోర్టులో కనబడుతుంది. అంటే 1.7కి కారణం 5 మి.గ్రా. చాలకపోవడం కాకపోవచ్చు, ఆ 5 ఒక రోజు పడకపోవడం కావచ్చు. మాత్రలు మళ్ళీ రోజూ పడుతుంటే నంబర్ దానంతట అదే కొంత లేస్తుంది. దాని మీద 6 వేస్తే వారానికి 35 మి.గ్రా. కాస్తా 42 అవుతుంది, అంటే ఐదో వంతు ఎక్కువ. ఆ పెంపు పూర్తిగా తెలియడానికి వారం పైనే పడుతుంది. ఈలోగా అంతా బాగానే ఉందనిపిస్తుంది.

ఎప్పుడూ స్థిరంగా ఉండేవాళ్ళకి ఒక్కసారి హద్దుకి 0.5 లోపు తేడా వస్తే, డోసు మార్చకుండా వారం, రెండు వారాల్లో మళ్ళీ టెస్ట్ చేయించడం మామూలే. కానీ ఆ మాట మీ డాక్టర్ చెప్పాలి. ఈ రాత్రి మాత్రకి ముందే ఫోన్ చేసి శనివారం సంగతి, జ్యూస్ సంగతి రెండూ చెప్పండి.

ఆదివారం ఒక్కటే వేయడం సరైన పనే. అదే రోజు పడుకునేలోగా గుర్తొస్తే వేసుకోవచ్చు. తెల్లారాక గుర్తొస్తే దాన్ని వదిలేసి తేదీ రాసిపెట్టుకోవాలి. రెండు కలిపి వేయకూడదు.

రవి_ఆర్
మా అమ్మకి ఇదే జబ్బు, ఏ టెస్టూ లేదే? పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటుంది, అంతే.

మందులషాపు_మాధవి
రవి గారూ, ఆవిడది అపిక్సబాన్ లాంటిదై ఉంటుంది. దానికి ఐఎన్‌ఆర్ చూడరు. అది ఒంట్లోంచి త్వరగా పోతుంది కాబట్టి ఒక్క డోసు తప్పినా రక్షణ ఆ రోజే తగ్గుతుంది. ఇక్కడి లెక్కలు ఆవిడకి వర్తించవు.

వాల్వు_వెంకట్
నాకు మెటల్ వాల్వు, మైట్రల్. నా టార్గెట్ 2.5 నుంచి 3.5. నాకైతే 1.7 వస్తే ఆ రోజే ఆస్పత్రికి ఫోన్ చేయాలి, కాబట్టి వాల్వు ఉన్నవాళ్ళు పై సలహా తమదనుకోవద్దు. ఆకుకూర నేను మానలేదు, రోజూ దాదాపు ఒకేలా తింటాను. పూర్తిగా మానేసిన రోజుల్లో ఏదో విందులో కాస్త తిన్నా నంబర్ ఊగేది. నా అనుమానం ఒకటి: రాత్రి 8 బదులు 11కి వేస్తే తేడా వస్తుందా? మా ఇంట్లో దీని మీద రోజూ యుద్ధమే.

మందులషాపు_మాధవి
ఎప్పుడో ఒకసారి రెండు మూడు గంటలు అటూ ఇటూ అయితే రిపోర్టులో పట్టుకోలేం. మందు సగం తగ్గడానికే సుమారు ఒకటిన్నర రోజు పడుతుంది. టైము ఒకటే పెట్టుకోమనేది ముఖ్యంగా మర్చిపోకుండా, వేసుకున్నామో లేదో అని తికమక పడకుండా. సాయంత్రమే ఎందుకంటే, పొద్దున రక్తం ఇస్తే రిపోర్టు చూసి ఆ రాత్రి డోసే మార్చవచ్చు. రాత్రి మందు బాగా పనిచేస్తుందని కాదు.

సూర్యం
సరే, రెండు మాత్రల మాట వెనక్కి తీసుకుంటున్నా. పాలకూర మీద మాత్రం నా అభిప్రాయం మారలేదు. 😄

లలిత_కె
ఫోన్ చేశాను. 5 మీదే ఉంచి వచ్చే సోమవారం మళ్ళీ టెస్ట్ చేయించమన్నారు. జ్యూస్ అప్పటిదాకా రోజూ అదే గ్లాసుతో తాగమన్నారు, తర్వాత ఆపాలంటే ముందు చెప్పమన్నారు. నంబర్ పడిపోయింది మాత్ర వల్లో జ్యూస్ వల్లో ఆయనకీ తెలీదట. మలం నల్లగా వచ్చినా, మూత్రంలో రక్తం కనిపించినా, తలకి దెబ్బ తగిలినా టెస్ట్ తేదీ కోసం ఆగకుండా వెంటనే రమ్మన్నారు.

వాల్వు_వెంకట్
లలిత గారూ, మలబద్ధకానికి ఇంకేదైనా మందు ఇస్తే దాని పేరు కూడా వాళ్ళకి చెప్పండి. విరేచనాలు పట్టుకుని నాలుగు రోజులు తిండి లేకపోతే నా ఐఎన్‌ఆర్ 5 దగ్గరికి పోయింది, మాత్ర ఒక్కటీ ఎక్కువ వేయకుండానే.