శుక్రుడు ‘వేడిని బంధిస్తాడు’ అనవచ్చా?

పద్మజ: ఎనిమిదో తరగతి పిల్లల కోసం రాసిన ఒక వ్యాసం దిద్దుతున్నాను. అందులో వాక్యం ఇలా ఉంది: “బుధుడు సూర్యుడికి దగ్గరగా ఉన్నా, శుక్రుడి మేఘాలు వేడిని బంధించడం వల్ల శుక్రుడే ఎక్కువ వేడిగా ఉంటాడు.” ‘బంధించడం’ ఇక్కడ సరైన క్రియేనా? లేక ‘హరితగృహ ప్రభావం’ అని రాసి వదిలేయనా?

వెంకటరమణ: క్రియకేం, బాగానే ఉంది. కారణమే తప్పు. అసలు కారణం ఒత్తిడి. శుక్రుడి నేల మీద గాలి ఒత్తిడి మన దగ్గరున్నదానికి 90 రెట్లు పైమాటే. సైకిలుకు గాలి కొడుతుంటే పంపు అడుగున చెయ్యి కాలుతుంది కదా, అదే ఇది.

సుభద్ర: పంపు ఉదాహరణ సగం దాకా పనికొస్తుంది రమణగారూ. కొట్టడం ఆపి కాసేపు పక్కన పెడితే పంపు చల్లారిపోతుంది. శుక్రుడి గాలి కోట్ల ఏళ్ల నుంచి అదే ఒత్తిడిలో ఉంది. ఒత్తిడి ఒక్కటే కారణమైతే ఆ వేడి ఎప్పుడో అంతరిక్షంలోకి పోయి ఉండేది. పోకుండా చూస్తున్నది ఏమిటన్నదే ప్రశ్న.

పద్మజగారూ, మీ వాక్యంలో క్రియ కంటే ముందు కర్తను చూడాలి. మేఘాలు ప్రధానంగా చేసే పని చల్లబరచడం. గంధకామ్లం తుంపరలతో నిండిన ఆ మేఘాలు, పడిన ఎండలో సుమారు నాలుగింట మూడు వంతులు వెనక్కి పంపేస్తాయి. అందుకే శుక్రుడు చదరపు మీటరుకు పీల్చుకునే ఎండ సగటున భూమి పీల్చుకునేదానికంటే కూడా తక్కువ. నేలదాకా దిగేది మరీ కొంచెం. ఆ కొంచెంతోనే నేల 465 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉందంటే అది గాలి పని. ఆ గాలిలో 96 శాతం పైగా కార్బన్ డయాక్సైడ్. ఎండను కొంతవరకు లోపలికి రానిస్తుంది కానీ, వేడెక్కిన నేల వదిలే పరారుణ కిరణాలను దాదాపు దాటనివ్వదు. కార్బన్ డయాక్సైడ్ వదిలేసిన సందులను సల్ఫర్ డయాక్సైడ్, కొద్దిపాటి నీటి ఆవిరి, మేఘాలు పూడుస్తాయి. మేఘాలకు ఆ మేరకు పాత్ర ఉంది.

ఇమ్రాన్: అయితే సాయంత్రం పడమట శుక్రుడు అంత తెల్లగా మెరిసేది ఆ వేడికేనా అండీ? మా అబ్బాయి అడిగాడు.

సుభద్ర: కాదండీ. మీకు కనిపించేది మేఘాలు తిప్పికొట్టిన ఎండ. ఆ మెరుపు ఎంత ఎక్కువైతే, లోపలికి వెళ్లిన ఎండ అంత తక్కువ.

వెంకటరమణ: సరే, మరి ఒత్తిడికి ఏ పాత్రా లేదంటారా?

సుభద్ర: ఉంది, లెక్క చూడండి. శుక్రుడి నుంచి అంతరిక్షంలోకి వేడి చివరికి బయటపడేది నేల నుంచి కాదు, సుమారు 65 కిలోమీటర్ల ఎత్తు నుంచి. పీల్చుకున్నంత ఎండను తిరిగి వదలాలంటే అక్కడ సుమారు మైనస్ 43 డిగ్రీలు ఉంటే చాలు. అక్కడి నుంచి కిందికి దిగుతున్నకొద్దీ గాలి నొక్కుకుపోయి, కిలోమీటరుకు సగటున 8 డిగ్రీలకు కాస్త తక్కువగా వేడెక్కుతుంది. 65 కిలోమీటర్లకు 508 డిగ్రీలు వేసుకుంటే నేల మీద 465 వస్తుంది. మీరన్న ఒత్తిడి ఈ మెట్లలో ఉంది. పై మెట్టు అంత ఎత్తున ఉండటానికి కారణం మాత్రం పరారుణాన్ని దాటనివ్వని గాలే. శుక్రుడి మీదున్న మాక్స్‌వెల్ పర్వతాలు 11 కిలోమీటర్ల ఎత్తు కాబట్టి, వాటి శిఖరాల దగ్గర సుమారు 380 డిగ్రీలే.

అందుకే ‘బంధించడం’ నాకు నచ్చదు. లోపలికి ఎంత వస్తోందో దాదాపు అంతే బయటికి పోతోంది. బంధిస్తే నేల రోజురోజుకీ వేడెక్కుతూనే ఉండాలి.

పద్మజ: ‘హరితగృహ ప్రభావం’ అంటే పిల్లలు మొక్కల వైపు వెళ్తున్నారు. అద్దాల ఇల్లు వేడెక్కేది కూడా ప్రధానంగా వేడిగాలి పైకి పోకుండా ఆగడం వల్లేనట. ‘వేడి బయటికి పోవడానికి అడ్డుపడటం’ అంటే?

వెంకటరమణ: అడ్డుపడటం అన్నా ఆగిపోయినట్టే వినిపిస్తుంది. నా ఓటు ఇప్పటికీ పాఠ్యపుస్తకం మాటకే. పరీక్షలో అదే అడుగుతారు.

సుభద్ర: ఏ మాట పెట్టినా, ‘ఎక్కువ వేడిగా’ ముందు ‘రాత్రీ పగలూ’ చేర్చండి. బుధుడి మీద మిట్టమధ్యాహ్నం 430 డిగ్రీలు ఉంటుంది, అంటే శుక్రుడితో తేడా 35 డిగ్రీలే. కానీ అక్కడ చెప్పుకోదగ్గ గాలి లేదు. రాత్రి మన లెక్కలో 88 రోజులు సాగుతుంది, ఆ చీకట్లో నేల మైనస్ 180కి పడిపోతుంది. శుక్రుడి రాత్రి కూడా దాదాపు రెండు నెలలు, అయినా అక్కడి బరువైన గాలి కింద పగటి వేడికీ రాత్రి వేడికీ తేడా పెద్దగా తెలియదు.

పద్మజ: ప్రస్తుతానికి ఇలా మార్చాను: “శుక్రుడి దట్టమైన గాలి నేల వదిలే వేడిని తేలిగ్గా బయటికి పోనివ్వదు, అందుకే రాత్రీ పగలూ అక్కడి నేల బుధుడి మధ్యాహ్నం కంటే వేడిగా ఉంటుంది.” ‘తేలిగ్గా’ అన్న మాట మీద ఎవరికైనా అభ్యంతరం ఉందా?